బదిలీ లెటర్‌లో రాయని మాటలకే డబ్బు పోతుంది

ప్రశ్న: గాజువాక బ్రాంచిలో 6 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఆగస్టు 1 నుంచి హైదరాబాద్ బ్రాంచిలో చేరమని లెటర్ ఇచ్చారు. అక్కడ అకౌంట్స్‌తో పాటు కలెక్షన్లు కూడా నేనే చూడాలట. జీతం అదే, చేతికి 52,000. బేసిక్ 26,000. షిఫ్టింగ్‌కి బిల్లుల మీద గరిష్ఠంగా 60,000, 15 రోజులు గెస్ట్ హౌస్ ఇస్తామన్నారు. మధురవాడలో సొంత ఫ్లాట్ ఉంది, ఈఎంఐ 18,500. పిల్లలిద్దరూ ఇక్కడే చదువుతున్నారు. సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందుగా లెటర్ పైన ఉన్న కంపెనీ పేరును మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోని పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే ఇది మామూలు బ్రాంచి బదిలీ. పేరు కాస్త తేడాగా ఉండి, అదే గ్రూపులోని ఇంకో కంపెనీ అయితే మాత్రం మీ 6 ఏళ్ల సర్వీసు సంగతి తేల్చుకోవాలి. ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి వచ్చే గ్రాట్యుటీ లెక్క ఇలా ఉంటుంది: ఆఖరి బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. డీఏ లేదనుకుంటే మీకు ఏడాదికి 15,000 చొప్పున 6 ఏళ్లకు కనీసం 90,000. కొత్త కంపెనీలో సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలైతే ఈ డబ్బు ఎవరు ఇస్తారో కాగితం మీద ఉండాలి. ‘పాత సర్వీసు కొనసాగినట్టే పరిగణిస్తాం’ అన్న ఒక్క వాక్యం చాలు. పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉమ్మడిగా ఉండే నంబరు యూఏఎన్ ఎలాగూ మారదు. పీఎఫ్ మెంబర్ ఐడీ మారితే మాత్రం పాత బ్యాలెన్సును ఆన్‌లైన్‌లో కొత్త ఐడీకి బదిలీ చేయించుకోండి.

పన్ను గురించి బెంగ పెట్టుకోకండి. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది, జీతగాళ్లకు మరో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది. ఫ్లాట్ అద్దె కలిపినా మీరు ఆ గీత దాటరు.

అసలు కష్టం చేతిలో ఆడే డబ్బు దగ్గర వస్తుంది. లారీ, ప్యాకింగ్ కలిపి 38,000, కుటుంబం ప్రయాణానికి 6,000, హైదరాబాద్‌లో 16,000 అద్దె ఇంటికి రెండు నెలల అడ్వాన్సు 32,000, బ్రోకరుకు ఒక నెల అద్దె అనుకుందాం. మొత్తం 92,000 ముందు మీ జేబులోంచే పోతుంది. ‘షిఫ్టింగ్ ఖర్చులు’ అని మాత్రమే రాసి ఉంటే లారీ, ప్రయాణం బిల్లులకు 44,000 వస్తుంది. ఇంటి అడ్వాన్సు ఇవ్వరు, బ్రోకరేజీ అడిగితే చాలాసార్లు కాదంటారు. 60,000 అన్న అంకె చూసి అంతా వస్తుందనుకుంటే అక్కడే దెబ్బ తింటారు. అందుకే బ్రోకరేజీ కలిపి ఇస్తారా, ఖర్చుకు ముందే కొంత అడ్వాన్సు ఇస్తారా అని అడగండి. లారీవాళ్ల దగ్గర జీఎస్టీ నంబరున్న బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. తెల్ల కాగితం మీద రాసిచ్చిన రసీదును అకౌంట్స్ వాళ్లు ఎందుకు వెనక్కి పంపుతారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక నెలవారీ లెక్క. ఇంటి ఖర్చు ఇప్పుడు 22,000, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు 2,000 అనుకుంటే, ఈఎంఐ పోగా మీకు 9,500 మిగులుతోంది. హైదరాబాద్‌లో ఇంటి ఖర్చు 25,000 అయి, మధురవాడ ఫ్లాట్ 12,000కు అద్దెకు పోతే మిగిలేది 2,500. ఫ్లాట్ ఖాళీగా ఉన్న ప్రతి నెలా 9,500 ఎదురు పెట్టుకోవాలి. మీరు ఒక్కరే వెళ్లి భోజనంతో కలిపి 10,000కు హాస్టల్లో ఉండి, నెలకోసారి రాకపోకలకు 3,000 పెట్టి, ఇక్కడ ఇంటి ఖర్చు 20,000కు తగ్గితే లోటు 1,500. అంటే అద్దెదారు కుదరకముందే కుటుంబాన్ని తరలించడమే అన్నిటికంటే ఖరీదైన దారి. స్కూళ్లు జూన్‌లోనే మొదలయ్యాయి, ఫీజులు కట్టేసి ఉంటారు. నా సలహా ఏమిటంటే, ఈ ఏడాదికి మీరొక్కరే వెళ్లండి, పరీక్షలయ్యాక అందరినీ తీసుకెళ్లండి.

కానీ దీనికో ముడి ఉంది. షిఫ్టింగ్ బిల్లులు చేరిన తేదీ నుంచి ఇన్ని రోజుల్లోపే ఇవ్వాలని చాలా కంపెనీల్లో గడువు పెడతారు. ఏప్రిల్‌లో సామాను తరలిస్తే అప్పటికి ఆ 60,000 మురిగిపోవచ్చు. ‘కుటుంబం తరలే వరకు, జూన్ ఆఖరు దాకా క్లెయిముకు అనుమతి’ అని లెటర్‌లో రాయించుకోవడం మీకు అన్నిటికంటే విలువైన సవరణ. ఏడాదిలోపు ఉద్యోగం మానేస్తే షిఫ్టింగ్ డబ్బు తిరిగి కట్టాలన్న షరతు ఉంటే, పనిచేసిన నెలలు తగ్గించి మిగతాదే వసూలు చేయాలని అడగండి.

కలెక్షన్ల బాధ్యత కూడా డబ్బు విషయమే. అందులో బయట తిరుగుడు ఉంటే పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు ఎంత ఇస్తారు? వసూలు టార్గెట్ తప్పితే జీతంలో కోత ఉంటుందా? మీకు ఇన్సెంటివ్ ఉంటే అది పాత పద్ధతిలోనేనా? ‘యాజమాన్యం అప్పగించే ఇతర పనులు’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే ఈ ప్రశ్నలకు జవాబు లేనట్టే. ఇక్కడి బ్రాంచిలో నగదు, చెక్కు పుస్తకాలు, తాళాలు, లాగిన్లు ఎవరికి ఏ తేదీన అప్పగించారో జాబితా రాసి, తీసుకున్నవాళ్ల సంతకంతో ఒక కాపీ ఉంచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని కాపాడేది అదే.

తేదీ దగ్గర ఇంకో చిన్న చిక్కు. ఇక్కడ రిలీవ్ చేసేది జులై 31 సాయంత్రం, అక్కడ చేరేది ఆగస్టు 1 ఉదయం అయితే 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణానికి ఒక్క రోజూ లేదు. ప్రయాణపు రోజులు డ్యూటీగానే లెక్కిస్తామని లేకపోతే అవి జీతం లేని సెలవులు కావచ్చు. పైగా పేరోల్లో బ్రాంచి మారే నెల జీతం నాలుగు రోజులు ఆలస్యం కావడం మామూలే. ఈఎంఐ ఆటో డెబిట్ 5వ తేదీకి ఉంటే అది బౌన్సు కావచ్చు, చార్జీలతో పాటు క్రెడిట్ స్కోరూ దెబ్బతినొచ్చు. ఆ ఖాతాలో ఒక ఈఎంఐ, అంటే 18,500, ఇప్పుడే విడిగా ఉంచండి. జీతం ఖాతా మార్చకండి.

సంతకం దగ్గర ‘అందింది’ అని తేదీ వేసి ఇవ్వండి, ‘అంగీకరిస్తున్నాను’ అని ఇప్పుడే రాయకండి. అదే రోజు హెచ్‌ఆర్‌కు ఇలా మెయిల్ పెట్టండి:

‘బదిలీ లెటర్ అందింది. హైదరాబాద్‌లో చేరడానికి సిద్ధంగా ఉన్నాను. ఈ విషయాలు రాతపూర్వకంగా తెలియజేయగలరు: నా సర్వీసు కొనసాగింపు, ప్రయాణానికి 2 రోజులు డ్యూటీగా పరిగణించడం, షిఫ్టింగ్ మొత్తంలో బ్రోకరేజీ చేర్చడం, బిల్లుల గడువు జూన్ ఆఖరు వరకు పొడిగించడం, కలెక్షన్ పనికి టార్గెట్, ప్రయాణ ఖర్చుల వివరం.’

జవాబు మెయిల్‌లోనే రావాలి. ఫోన్లో ‘అదంతా చూసుకుందాం లెండి’ అంటే, వాళ్లన్న మాటనే రెండు వాక్యాల్లో రాసి మీరే మెయిల్ పంపి ఉంచండి.