క్లాసుకి 300 అంటే నెలకు నిజంగా ఎంత?

"మాది విజయనగరం. మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తిచేసి ఇళ్ళకి వెళ్ళి ట్యూషన్లు చెబుతోంది. నాలుగిళ్ళు, వారానికి ఐదు రోజులు, క్లాసుకి 300. నెలకు 24 వేలు అని మొదలుపెట్టింది కానీ చేతిలో 17 వేలు కూడా మిగలట్లేదు. ఒక ప్రైవేటు స్కూలు 15 వేలు ఇస్తామంటోంది. ట్యూషన్లు మాన్పించి అక్కడ చేర్పించమంటారా?"

మీరు వేసుకున్న 24 వేలు 80 క్లాసుల లెక్క. ఇళ్ళకి వెళ్ళి చెప్పేవాళ్ళకి ఆ 80 ఏ నెలలోనూ పూర్తికావు. పిల్లాడికి జ్వరం, ఇంటికి చుట్టాలు, స్కూల్లో స్లిప్ టెస్టు, ఏదో ఒకటి వస్తుంది. ఐదింట ఒక క్లాసు పోతుందనుకున్నా మిగిలేవి 64. అంటే 19,200. పోయిన 16 క్లాసుల్లో ముందు రోజే ఫోన్ చేసి చెప్పేవి కొన్నే. మిగతావి మీ అమ్మాయి గేటు దగ్గర స్కూటీ స్టాండ్ వేశాక తెలుస్తాయి: "ఇవాళ వద్దులేమ్మా, రేపు రా." ఆ గంట ఇంకెవరికీ ఇచ్చుకోలేం.

ఇప్పుడు దారి ఖర్చు చూడండి. నాలుగిళ్ళలో ఒకటి నెల్లిమర్లలో ఉందనుకుందాం. అప్పుడు రోజుకి 40 కిలోమీటర్ల దాకా తిరగాలి. నెలకు 800 కిలోమీటర్లు, లీటరుకి 45 వచ్చినా 18 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే పెట్రోలుకే 2,000. సర్వీసింగ్, టైర్లు, జిరాక్సులు, ఫోన్ రీఛార్జ్ కలిపి ఇంకో 700. మిగిలేది 16,500. మీరు చెప్పిన అంకె దగ్గరికి వచ్చేశాం.

దీనికి ఎన్ని గంటలు పోతున్నాయి? చెప్పేది 64 గంటలు. దారిలో రోజుకి గంటా ముప్పావు చొప్పున 35. లెక్కలు ముందే చేసుకోవడానికి, నోట్సు దిద్దడానికి 20. గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చిన రోజులవి ఇంకో ఆరు. మొత్తం 125 గంటలు. గంటకు 300 అనుకున్నది 132 అయింది.

ఇది కూడా బాగా నడిచే నెల మాటే. మే నెలలో బడులుండవు. ఏప్రిల్, జూన్ సగం సగం. దసరా సెలవులు, సిరిమానోత్సవం కలిసే నెలా, సంక్రాంతి నెలా కూడా సగమే అనుకోండి. ఏడు నెలలు పూర్తిగా, నాలుగు నెలలు సగం, ఒక నెల సున్నా వేస్తే ఏడాది సగటు నెలకు 12 వేల పైచిలుకు. ఇంటి ఖర్చులకు ఈ అంకెనే నమ్ముకోవాలి.

అయితే మాన్పించమని నేను చెప్పను. తప్పు పనిలో లేదు, ఫీజు కట్టించుకునే పద్ధతిలో ఉంది. ట్యూటర్ దగ్గర అమ్ముకోవడానికి ఉన్నది సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఉన్న సమయమే. ఇంకో ఇల్లు పొద్దున్నే ఆరింటికి పెట్టుకున్నా, సాయంత్రం మూడిళ్ళు మించి కుదరవు. అందులో నెల్లిమర్ల ఒక్కటే రానుపోను గంట తినేస్తోంది. 300కి రెండు గంటలు, పెట్రోలు అదనం. ఆ ఇంటివాళ్ళు ఎంత మంచివాళ్ళైనా వచ్చే జూన్ నుంచి వదులుకోవాలి, లేదా వాళ్ళ పిల్లాణ్ణే ఊళ్ళోకి రమ్మనాలి.

మిగతా మూడిళ్ళలో క్లాసు లెక్క తీసేసి నెలకు 5,000 చెప్పమనండి, మొదటి వారంలోనే ఇచ్చేలా. వాళ్ళకి 6,000 కన్నా తక్కువే. మీ అమ్మాయికి ఇప్పుడు ఒక్కో ఇంటి నుంచి సగటున వస్తున్న 4,800 కన్నా ఎక్కువే. షరతు ఒక్కటే: ఆమె రాకపోతే ఆ క్లాసు మళ్ళీ చెబుతుంది, వాళ్ళు వద్దంటే ఫీజు తగ్గదు. ఈ మాట మొదటి రోజే చెప్పాలి. రెండు నెలలు గడిచాక చెబితే గొడవలవుతాయి.

నెల్లిమర్ల బదులు దాసన్నపేటలోనో, కంటోన్మెంట్లోనో ఒకే తరగతి పిల్లలిద్దరిని ఒక ఇంట్లో కూర్చోబెట్టి చెరో 3,000 తీసుకుంటే మొత్తం 21,000. తిరుగుడు రోజుకి 16 కిలోమీటర్లకు దిగితే పెట్రోలు 800. మిగతా ఖర్చులు పోను 19,500 మిగులుతుంది. పట్టేది 105 గంటలే కాబట్టి గంటకు 185 పడుతుంది. సెలవు నెలల సంగతి మాత్రం మారదు, అప్పటికని మంచి నెలల్లోనే కొంత పక్కన పెట్టుకోవాలి.

స్కూలు వాళ్ళని చేరకముందే ఒకటి అడగండి: మే నెల జీతం ఇస్తారా? ఇవ్వకపోతే 15 వేలు ఏడాది సగటున 13,750 అవుతుంది. ఇస్తామంటే, సాయంత్రం ఇంటికి దగ్గరగా రెండు ట్యూషన్లు ఉంచుకుని చేరడం మంచిదే. డీఎస్సీ రాయాలనుకుంటే మాత్రం బీఈడీ, చాలా పోస్టులకి టెట్ కూడా తప్పవు. అలాంటప్పుడు స్కూలు, ట్యూషన్లు రెండూ పెట్టుకుంటే చదువుకోవడానికి రాత్రి పది తర్వాతే మిగులుతుంది. ఆ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి.