మోకాలు దాటకముందే గురక

చిన్నీ,

మెలకువగా ఉంటూనే ఒళ్లంతా మనసుతో చుట్టొచ్చే యోగ నిద్రకని పడుకుంటే, కుడి మోకాలు దాటకముందే గురక పెడుతున్నానని మొన్న ఫోన్లో అన్నావు. నాకు నవ్వొచ్చింది. మొదటి నెలంతా నాదీ అదే కథ, మీ పెదనాన్నని అడుగు.

రాత్రి షిఫ్ట్ చేసి, గచ్చిబౌలి నుంచి క్యాబ్‌లో వచ్చి, నాలుగు ఇడ్లీలు తిని పడుకుంటే నిద్ర రాక ఏమొస్తుంది? ముందు ఆ బాకీ తీర్చు. యోగ నిద్ర అసలు నిద్రకి బదులు కాదు. సాయంత్రం లేచి, స్నానం చేశాక, ఏమీ తినకముందు ఓ అరగంట దీనికి పెట్టుకో. పరుపు వద్దు, నేలమీద చాప చాలు. దుప్పటి మాత్రం కప్పుకో. కదలకుండా ఉంటే ఎండాకాలంలోనైనా ఒళ్లు చల్లబడుతుంది.

బీహార్‌లోని ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి ఈ పద్ధతిని న్యాసం ఆధారంగా రూపొందించారు. న్యాసమంటే అదే, తాతయ్య పారాయణకి ముందు 'అంగుష్ఠాభ్యాం నమః' అంటూ వేళ్లు తాకేవారు, గుర్తుందా? ఇక్కడ చేత్తో తాకం, మనసు పోనిస్తాం. కుడి బొటనవేలు, మిగతా వేళ్లు, అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి, భుజం, అలా నడుము మీదుగా కాలివేళ్ల దాకా. తర్వాత ఎడమవైపు. ఒక్కోచోట ఒకటి రెండు క్షణాలే. నువ్వు వింటున్న రికార్డింగ్ మరీ నెమ్మదేమో చూడు. ఒకచోట ఎక్కువసేపు ఆగితే ఆ సందులోనే నిద్ర దూరుతుంది.

అయినా జారిపోతుంటే, ఓ వారం ఇది చెయ్యి. మోచెయ్యి నేలకి ఆనించి ముంజేతిని నిలువుగా ఉంచు. నిద్ర పట్టగానే కండరాలు వదులై చెయ్యి పడుతుంది, మెలకువ వస్తుంది. అసలు పద్ధతిలో ఒళ్లు కదపకూడదు కాబట్టి ఇది అలవాటయ్యేదాకానే.

తర్వాత శ్వాసని 27 నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. లెక్క తప్పితే మళ్లీ 27. ఓసారి 14 దగ్గర చూసుకుంటే నేను లెక్కపెడుతున్నది శ్వాసలు కాదు, పాల ప్యాకెట్లు! నిద్రకీ మెలకువకీ మధ్య నువ్వు వెతుకుతున్న గట్టు అదే. మాట పొంతన తప్పుతుంది, ఎవరో పిలిచినట్టుంటుంది, మెట్టు తప్పినట్టు ఒళ్లు ఉలిక్కిపడుతుంది. కంగారుపడకు. అప్పుడు 'ఇదిగో, పాల ప్యాకెట్లు' అని గమనించి లెక్కకి తిరిగి రాగలిగితే నువ్వు మెలకువగా ఉన్నట్టే. గమనించలేదంటే నిద్రపోయినట్టు, అంతే తేడా. అప్పుడు మనసులో మెదిలే బొమ్మలు భయపెట్టేవైతే మాత్రం కళ్లు తెరిచి లేచి కూర్చో, పట్టుబట్టి కొనసాగించకు.

అయ్యాక వేళ్లు కదిపి, పక్కకి తిరిగి, నెమ్మదిగా లేవాలి. వెంటనే బండి తియ్యకు, ఆ మత్తు కాసేపు ఉంటుంది. ఆదివారం నల్లకుంట రా, మా పాత ఈతచాప ఇస్తాను.

పెద్దమ్మ