రూమ్ తెరవకముందే రాసిపెట్టుకోవాల్సినవి

చిన్నా,

శనివారం రాత్రి ఫోన్‌లో తుపాకుల ఆటకి, నలుగురేసి ఆడే ఆరు జట్లతో కస్టమ్ రూమ్ టోర్నమెంట్ పెడుతున్నామని, దాన్ని నడిపే పని నీ మీద పడిందని అన్నావు కదా. ఇలాంటివి నేను చాలానే నడిపాను, తిట్లూ తిన్నాను. ఫోన్‌లో చెబితే మర్చిపోతావని రాస్తున్నా.

ముందు బ్రాకెట్, అంటే ఎవరితో ఎవరు ఆడాలో గీసుకునే పట్టిక సంగతి. నాకౌట్‌లో మ్యాచ్‌కో జట్టు బయటికి పోతుంది కాబట్టి ఆరు జట్లకు 5 మ్యాచ్‌లు సరిపోతాయి. కానీ ఆరింటినీ జంటలు కడితే గెలిచేవి మూడు, మూడింటితో సెమీస్ కుదరదు. అందుకని ఎనిమిది గళ్లు గీసి రెండు ఖాళీగా వదిలెయ్. ఖాళీ గడికి ఎదురుగా పడ్డ జట్టుకు బై, అంటే నేరుగా సెమీస్‌కి. ఆ రెండు బైలూ బ్రాకెట్‌లో ఒకే సగంలో పడకుండా చూసుకో. పడితే ఆ రెండు జట్లే సెమీస్‌లో తలపడతాయి, గెలిచిన జట్టు ఒక్క మ్యాచ్ ఆడి ఫైనల్‌కి వచ్చేస్తుంది. అవతలి సగం వాళ్లు ఊరుకుంటారా? పై సగంలో ఒకటి, కింది సగంలో ఒకటి పెట్టి, చీటీలు అందరూ చూస్తుండగా వీడియో కాల్‌లో తియ్.

మ్యాచ్‌కి పావుగంట, జనం రూమ్‌లోకి చేరడానికి ఇంకో పది నిమిషాలు వేసుకో. ఐదు మ్యాచ్‌లకు రెండు గంటలు దాటుతుంది.

ప్రతి ఆటగాడి గేమ్ ఐడీ నంబర్ ముందే తీసుకో. ఆటలో పేరు మార్చుకోవచ్చు, ఆ నంబర్ మారదు. జట్టులో ఒకడి బదులు బాగా ఆడే అన్నయ్యను దించడం పాత విద్య, స్టార్ట్ నొక్కేముందు నంబర్లు సరిచూస్తే అక్కడే దొరికిపోతారు. రూమ్ పాస్‌వర్డ్ మ్యాచ్‌కి పది నిమిషాల ముందు కెప్టెన్లిద్దరికే ఇవ్వు. సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టు, ముఖ్యంగా గన్ స్కిన్ల వల్ల వచ్చే అదనపు బలం ఆఫ్‌లో ఉందని కనిపించేలా.

ఇక అసలు గొడవ నెట్ పోవడంతో వస్తుంది. ఒకసారి నేను నడిపిన ఫైనల్‌లో ముందు నాలుగు రౌండ్లు గెలిచినవాళ్లదే కప్పు. స్కోరు 3-2. ఆరో రౌండ్ మధ్యలో వెనకబడ్డ జట్టులో ఒకడి నెట్ పోయింది. వాళ్ల కెప్టెన్ ఒకటే గోల. నేను టెన్షన్ పడిపోయి అందరినీ బయటికి రమ్మని, కొత్త రూమ్ తెరిచి మొదటి నుంచి ఆడించాను. ముందంజలో ఉన్న జట్టు ఓడిపోయింది. వాళ్లు నెల రోజులు నాతో మాట్లాడలేదు, అందులో తప్పు నాదే.

అప్పటి నుంచి రాసిపెట్టుకున్న రూల్ ఇది. మొదటి రౌండ్‌లో ఇంకా ఎవరూ చావకముందే ఎవరి నెట్ అయినా పోతే, ఒక్కసారికి మళ్లీ మొదలు. ఆ తర్వాత ఒక్కడి నెట్ పోతే ఆట ఆగదు, వాడు తిరిగి వచ్చేదాకా మిగతా ముగ్గురూ ఆడాల్సిందే. కఠినంగా అనిపిస్తుంది గానీ, ఓడిపోయే రౌండ్‌లో డేటా ఆఫ్ చేసి ‘నెట్ పోయింది’ అనేవాడినీ, నిజంగా పోయినవాడినీ నువ్వు వేరు చేయలేవు. రెండు జట్లలోనూ ఒకేసారి ఇద్దరు ముగ్గురు పడిపోతే మాత్రం అది సర్వర్ తంటా అనుకో. అప్పుడు కొత్త రూమ్ తెరువు, కానీ పాత స్కోరు చెరిపెయ్యకు. కొత్త రూమ్ 0-0 అని చూపిస్తుంది, లెక్క నువ్వే చేత్తో పెట్టుకోవాలి. పైన చెప్పిన 3-2 దగ్గర ఆగిందనుకో, కొత్త రూమ్‌లో మొదటి జట్టుకి ఒక్క రౌండ్ చాలు, రెండోదానికి రెండు కావాలి. రౌండ్ రౌండ్‌కీ పోగేసుకున్న ఆట డబ్బులు, తుపాకులు మాత్రం ఇద్దరికీ పోతాయి. ఆ మాట ముందే చెప్పెయ్.

ఫిర్యాదు మ్యాచ్ అయిన పది నిమిషాల్లోపు, కెప్టెనే, స్క్రీన్ రికార్డింగ్‌తో సహా పంపాలి. రికార్డింగ్ లేకపోతే ఫలితం అంతే. అందుకే ఎనిమిదిమందీ రికార్డింగ్ ఆన్ చేసి, ఫోన్‌లో ఖాళీ ఉందో లేదో చూసుకుని కూర్చోవాలని ముందే చెప్పు. సగంలో స్టోరేజ్ నిండి ఆగిపోయిన వీడియోలు నేను చాలా చూశాను.

నువ్వూ ఆడతానంటే ఆడు. కానీ నీ జట్టు మ్యాచ్‌లో తగాదా వస్తే తీర్పు నువ్వు చెప్పకూడదు, అందులో లేని జట్టు కెప్టెన్ ఎవరు చెప్పాలో చీటీలు తీసిన రోజే తేల్చుకోండి.

గురువారం లోపు మీ రూల్స్ నాకు పంపు, చూసి చెబుతాను.

మీ బాబాయ్