రష్యన్‌లో నర్సు కథ: పొద్దున ఆరు గంటల వార్డుతో మొదలుపెట్టండి

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. హైదరాబాద్‌లో రష్యన్ నేర్చుకుంటున్నాను, ఏ2 స్థాయి అయిపోవచ్చింది. రష్యా ఆస్పత్రిలో పనిచేసే తెలుగు నర్సు చెబుతున్నట్టుగా, రోజువారీ సంభాషణలతో చిన్న కథ రాయమన్నారు. తెలుగులో రాసుకుని రష్యన్‌లోకి మారిస్తే, పుస్తకం చదివినట్టుందని టీచర్ తిప్పి పంపారు. ఎలా రాయాలి? అక్కడ ఉద్యోగానికి ఇది ఏమైనా ఉపయోగపడుతుందా?

జవాబు: తెలుగు ప్రతిని పక్కన పెట్టేయండి. ముందు సంభాషణను నేరుగా రష్యన్‌లో రాసి, దాని చుట్టూ కథనం అల్లండి. ఏ2కి అవసరమైన పదసంపద సుమారు 1300 మాటలు. ఒక మంచం, ఒక రోగి, ఇరవై నిమిషాల పని తీసుకుంటే ఆ మాటలు సరిపోతాయి. ప్రయాణం, మంచు, ఇంటిమీద బెంగ, ఆపరేషన్ అన్నీ ఒకే కథలో పెట్టాలనుకుంటే ప్రతి వాక్యానికీ నిఘంటువు తెరవాల్సి వస్తుంది. పుస్తకం వాసన అక్కడే మొదలవుతుంది.

నా సలహా, నైట్ డ్యూటీ చివర్లో ఉష్ణోగ్రతలు చూసే వేళను ఎంచుకోండి. పొద్దున్నే నర్సు వార్డులో లైటు వేసి థర్మామీటర్లు ఇవ్వడం రష్యన్ పాఠకులకు బాగా తెలిసిన దృశ్యం. థర్మామీటర్‌ను నోట్లో కాదు, చంకలో పెడతారు. రీడింగ్ సెల్సియస్‌లోనే చెబుతారు. మామూలు ఉష్ణోగ్రత 36.6, దాన్ని ‘త్రీదత్సత్ షేస్త్ ఇ షేస్త్’ అంటారు. ఫారెన్‌హీట్‌కు అలవాటుపడిన మన నర్సు 37.8 చూసి, మనసులో 100 అని లెక్క కట్టుకోవచ్చు. ఈమె వేరే చోటు నుంచి వచ్చిందని పాఠకుడికి తెలియడానికి అదొక్కటి చాలు. చీర, మామిడికాయ, సంక్రాంతి తీసుకురానక్కర్లేదు.

రాసే ముందు పిలుపులు తేల్చుకోండి. ఎక్కువ కథలు తప్పేది ఇక్కడే. మనం వార్డులో పెద్దావిడను ‘అమ్మా’, ‘మామ్మా’ అంటాం. ఆ అలవాటుతో రష్యన్ రోగిని ‘బాబుష్కా’ అంటే చాలామంది నొచ్చుకుంటారు. నర్సు పెద్దవాళ్లను పేరు, తండ్రి పేరుతో కలిపి పిలుస్తుంది, ‘వీ’ అంటుంది, అంటే మీరు. ఆవిడ మాత్రం నర్సును ‘సిస్త్రీచ్కా’ అనో ‘దోచ్కా’ అనో పిలిచి, ‘తీ’ అని నువ్వులోకి దిగవచ్చు. నర్సు మీరులోనే ఉండిపోతుంది. డాక్టరుతో, హెడ్ నర్సుతో కూడా పేరు, తండ్రి పేరు, మీరు. తోటి నర్సుతో నువ్వు. ఈ తేడాలు సరిగ్గా పడితే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకపోయినా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక నమూనా. రోగిని నీనా సెర్గేయెవ్నా అనీ, నర్సును సునీత అనీ అనుకుందాం.

— దోబ్రయె ఊత్రా, నీనా సెర్గేయెవ్నా. గ్రాదుస్నిక్, పజాలుస్తా.
— ఓయ్, సిస్త్రీచ్కా, రానా యిష్షో.
— ఉజె షేస్త్ చసోఫ్. కాక్ స్పాలి?
— ప్లోఖా. గలవా బలీత్.
— దవాయితె దవ్లేనియె ఇజ్మేరిమ్. పద్నిమీతె రుకాఫ్.
— ను, స్కోల్కా?
— స్తో షిస్త్‌దిస్యాత్ నా దివినోస్తా. సిచాస్ పజవూ వ్రచా. ని ఫ్స్తవాయితె.

ఇంకా తెల్లారనేలేదు కదా అని ఆవిడ గొణగడం, నిద్ర ఎలా పట్టిందని నర్సు అడగడం, తలనొప్పి అనగానే బీపీ చూడటం, 160/90 అని చెప్పి, లేవకండి, డాక్టరును పిలుస్తానంటూ వెళ్లడం. అంతే. పూర్తి వాక్యాలు దాదాపు లేవని గమనించండి. ‘నాకు రాత్రి నిద్ర సరిగా పట్టలేదు’ అని రోగి చెప్పదు, ‘ప్లోఖా’ అంటుంది, అంటే బాగాలేదు. థర్మామీటర్‌కు ‘తెర్మోమెత్ర్’ అనే మాట కూడా ఉంది, కానీ వార్డులో నోటికొచ్చేది ‘గ్రాదుస్నిక్’. బీపీ అంకెల మధ్య మనం ‘బై’ అంటే వాళ్లు ‘నా’ అంటారు.

ఆజ్ఞలు రాసేటప్పుడు క్రియారూపం జాగ్రత్త. ఒక్కసారి చేసి ముగించే పనికి పూర్ణరూపం: చొక్కా చేయి పైకి లాగండి అనడానికి ‘పద్నిమీతె’. వద్దు అని చెప్పేటప్పుడు మామూలుగా అపూర్ణరూపం: ‘ని ఫ్స్తవాయితె’. అక్కడ పూర్ణరూపం వాడి ‘ని ఫ్స్తాన్‌తె’ అంటే రష్యన్ చెవికి తప్పుగా తగులుతుంది. పొరపాటున జరిగేదాని గురించి హెచ్చరించేటప్పుడు మాత్రం పూర్ణరూపమే వస్తుంది: పడిపోయేరు, చూసుకోండి అనడానికి ‘ని ఉపదీతె’.

బీపీ ఎక్కువుందని నర్సు తనంతట తానే మాత్ర ఇచ్చేసినట్టు రాయకండి. ‘లీస్త్ నజ్నచేనియ్’ అనే కాగితంలో డాక్టరు రాసినదే ఆమె ఇస్తుంది. అందులో లేకపోతే డ్యూటీ డాక్టరును పిలవాలి. డాక్టరు వచ్చేలోపు దొరికే ఆ ఐదు నిమిషాలే మీ కథకు గుండె. ఆవిడ భయపడుతుంది, మాటల్లో పెట్టాలి. అప్పుడు తండ్రి పేరు ప్రస్తావన సహజంగా వస్తుంది.

— అ పా ఓచిస్త్వు కాక్?
— ఉ నాస్ ఓచిస్త్వా న్యెత్. ప్రోస్తా సునీతా.

‘మాకు పేరుతో తండ్రి పేరు కలిపి పిలవడం లేదండీ, ఉత్త సునీతే’ అని జవాబు. ఆ తర్వాత ఆవిడ ఏమంటుందో మీరు రాయాలి. ఇక్కడ సునీత లాంటి పేరు ఎంచుకోవడంలో లాభం ఉంది. ‘ఆ’తో ముగిసే స్త్రీల పేర్లు రష్యన్ పేర్లలాగే విభక్తులు మారుస్తాయి. సునీతను పిలవండి అనడానికి ‘పజవీతె సునీతు’ అంటారు. లక్ష్మి అని పెడితే ఆ పేరు మారకుండా అలాగే ఉంటుంది. అదీ సరైనదే, కానీ మీకు సాధన దొరకదు.

కథనానికి వస్తే, తెలుగులో ‘చెప్పాను’ అంటే చెప్పింది ఆడో మగో తెలియదు. రష్యన్ భూతకాలంలో తెలిసిపోతుంది: స్త్రీ అయితే ‘స్కజాలా’, పురుషుడైతే ‘స్కజాల్’. కథ రాశాక ‘యా’ అనే మాట ఉన్న ప్రతి వాక్యానికీ గీత గీసి, క్రియ చివర ‘లా’ ఉందో లేదో చూడండి. వరసగా జరిగిన పనులకు పూర్ణరూపం, వెనకాల సాగుతున్న సంగతికి అపూర్ణరూపం వాడండి. లోపలికి వచ్చాను, లైటు వేశాను, థర్మామీటర్ ఇచ్చాను అనేవి మొదటి రకం. బయట మంచు కురుస్తోంది అనేది రెండోది. సంభాషణకు కొటేషన్ గుర్తులు వద్దు. ప్రతి మాటా కొత్త పేరాలో, ముందు పొడవు గీతతో రావాలి. మన ‘అని’ అలవాటు కొద్దీ ప్రతి మాటనూ ‘ష్తో’ పెట్టి పరోక్షంగా చెప్పకండి.

ఉద్యోగం మాటకొస్తే, కథకు సర్టిఫికెట్ విలువ లేదు. అక్కడ నర్సుగా చేరాలంటే మీ డిగ్రీకి రష్యాలో గుర్తింపు రావాలి, తర్వాత అక్రెడిటేషన్ అనే అర్హత పరీక్ష దాటాలి. అక్రెడిటేషన్‌లో రాత పరీక్షతో పాటు ప్రాక్టికల్ ఉంటుంది. అందులో చేతులతో చేసేది నోటితోనూ చెప్పాలి. రోగికి నమస్కారం చెప్పి, మీ పేరు, పని చెప్పి, ‘కాక్ యా మగూ క్ వామ్ అబ్రష్షాత్సా’ అని, అంటే మిమ్మల్ని ఎలా పిలవమంటారని అడిగి, వివరాలు రికార్డుతో పోల్చి, చేయబోయే పని వివరించి సమ్మతి తీసుకోవాలి. పరీక్షకు అదంతా తప్పనిసరి. కానీ వారం రోజులుగా వార్డులో ఉన్న నీనా సెర్గేయెవ్నాతో పొద్దున ఆరింటికి ఎవరూ అలా మాట్లాడరు. మీ మొదటి ప్రతిని టీచర్ తిప్పి పంపడానికి కారణం బహుశా ఇదే: వార్డులో పరీక్ష భాష వచ్చి ఉంటుంది.

అందుకని అదే బీపీ సన్నివేశాన్ని రెండుసార్లు రాయండి. ఒకటి కథకు, పైన చూపినట్టు. రెండోది అప్పుడే చేరిన కొత్త రోగితో, మర్యాద వాక్యాలన్నీ పూర్తిగా పెట్టి. రెండింటినీ గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డు చేసి టీచర్‌కు వినిపించండి. మొదటిదాంట్లో మనిషి ఆ మాట ఎక్కడ అనరో, రెండోదాంట్లో ఏ మెట్టు తప్పిపోయిందో విడివిడిగా అడగండి. మొదటి ప్రతి 300 మాటలు దాటకుండా చూసుకుని, డాక్టరు వార్డులోకి అడుగుపెట్టగానే ఆపేయండి.