గోడ క్యాలెండర్ ఫోటో నుంచి తేదీలు, చేతిరాత

"గోడ క్యాలెండర్ ఫోటో తీశాను. గళ్లలో పెన్నుతో రాసినవన్నీ తేదీల వారీగా వరుసల్లోకి రావాలి. ఓసీఆర్ తేదీలనే తప్పు చదువుతోంది. ఏం చేయాలి?"

తేదీని చదివించకండి, లెక్కగట్టండి. అచ్చు అంకె మీద పెన్ను గీత పడితే 18 కాస్తా 13 అవుతుంది. గడి స్థానం మాత్రం మారదు. ముందు గళ్ల పట్టిక నాలుగు మూలలు గుర్తించి ఫోటోను నిటారుగా సరిచేయండి, అడ్డంగా 7 భాగాలు, నిలువుగా ఎన్ని వరుసలుంటే అన్ని భాగాలు చేయండి. వరుస, నిలువు 0 నుంచి లెక్క:

```
day = row*7 + col - offset + 1
```

`offset` అంటే ఒకటో తేదీకి ముందున్న ఖాళీ గళ్లు. ఆదివారంతో మొదలయ్యే క్యాలెండర్‌లో 2025 మార్చి 1 శనివారం, కాబట్టి 6. వరుస 3, నిలువు 2 అయితే 21+2-6+1 = 18:

```
2025-03-18,"డెంటిస్ట్ 4:30"
```

4:30 ఉదయమో సాయంత్రమో ఊహించకండి, రాసింది రాసినట్టే ఉంచండి.

అసలు తలనొప్పి ఈ 2025 మార్చిలోనే ఉంది. దీనికి ఆరు వరుసలు కావాలి. ఐదే అచ్చేస్తే 23/30, 24/31 ఒకే గడిలో ఇరుక్కుంటాయి. అక్కడి నోట్ ఏ తేదీదో సూత్రం చెప్పలేదు, ఆ రెండు గళ్లు మీరే చూసుకోవాలి. రాత పక్క గడిలోకి పాకితే, మొదటి అక్షరం ఉన్న గడిదే ఆ నోట్. బాణం గీసి ఉంటే మాత్రం ముగింపు తేదీకి ఇంకో కాలమ్ పెట్టండి.