తా.క.లో కొత్త కబురు వద్దు

తమ్ముడూ,

నువ్వు పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. మొక్కల పెంపకం మాసపత్రికకు చందాదారులను చేర్చడానికి ఇళ్లకు పోస్టులో వెళ్లే ఉత్తరం కదా ఇది. మొదటిసారి నీలాగే పైనుంచి కిందికి చదివాను. బాగానే ఉంది. రెండోసారి దాన్ని అందుకునే మనిషిలా చదివాను. కవరు చింపి, పైన తన పేరు చూసుకుని, రాసిందెవరా అని కాగితం తిప్పి సంతకం చూసి, సంతకం కింద ఉన్న తా.క. చదివాను. అక్కడే ఆగిపోయాను.

ఇది నేను ఊహించి చెబుతున్న వరస కాదు. ఇలాంటి ఉత్తరాలు చదివేవాళ్ల చూపు కాగితం మీద ఎటు తిరుగుతుందో జర్మనీలో జీగ్‌ఫ్రీడ్ ఫోగెలె అనే ప్రొఫెసర్ కెమెరా పెట్టి మరీ చూశాడు. చాలామంది ఉత్తరం మొదలుపెట్టక ముందే తా.క. చదివేస్తారని ఆయన తేల్చాడు. అంటే మనం చివర రాసేది వాళ్లు మొదట చదువుతారు. మనకు అది ముక్తాయింపు, వాళ్లకు అది పరిచయం. ఈ తేడా మనసులో పెట్టుకుని నీ తా.క. మళ్లీ చూడు:

“తా.క. అన్నట్టు చెప్పడం మరిచాను! ఇప్పుడే స్పందించే వారికి విత్తనాల పాకెట్ కూడా కానుకగా అందుతుంది. త్వరపడండి!”

దేనికి స్పందించాలి? ఎలా స్పందించాలి? ‘కూడా’ అంటే ఇంకేదో ఉందన్నమాట, అదేమిటి? ఇంకా ఉత్తరం చదవని మనిషికి ఇందులో ఏదీ తెలియదు. పైగా విత్తనాల సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు, తా.క.లోనే పుట్టింది. ‘చెప్పడం మరిచాను’ అన్నావు. అచ్చు వేసి వేలమందికి పంపే ఉత్తరంలో ఎవరూ ఏదీ మరిచిపోరని చదివేవాళ్లకు తెలుసు.

సరే, అసలు ఆఫర్ ఏమిటో వెతుకుదామని ఎర్ర పెన్సిల్ పట్టుకుని ఉత్తరమంతా గీతలు గీశాను. ఐదు చోట్ల దొరికింది. మొదటి పేరాలో ‘మూడు సంచికలు ఉచితం’. రెండో పేరాలో ‘పదిహేను నెలల పచ్చదనం’. నాలుగో పేరాలో ‘చందాలో పావు వంతు ఆదా’. సంతకానికి ముందు ‘ఈ ప్రత్యేక తగ్గింపు’. తా.క.లో విత్తనాలు. నీకు ఇవన్నీ ఒకే ఆఫర్, ఎందుకంటే లోపలి సంగతి నీకు తెలుసు. చదివేవాళ్లకు ఇవి నాలుగైదు వేర్వేరు ఆఫర్లు. అందులో ఒకటి లెక్క కూడా తప్పు. పన్నెండు సంచికల చందాకు పదిహేను సంచికలు ఇస్తున్నారు. పదిహేనులో మూడు అంటే ఐదో వంతు, పావు వంతు కాదు. వేలమంది చదివితే ఒకరైనా వేళ్ల మీద లెక్క వేస్తారు. ఆ ఒక్కరు ఇక తక్కినదేదీ నమ్మరు.

‘మూడు సంచికలు ఉచితం’ అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను, దాని చేతిలో నేను ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి. ఇలాంటి పత్రికకే, ఇలాంటి ఆఫర్‌కే ఉత్తరం రాశాను. మధ్యలో సరిగ్గానే చెప్పాను: ఏడాది చందా కడితే మూడు సంచికలు అదనం. తా.క.లో మాత్రం ఊపు కోసం ‘మూడు సంచికలు ఉచితంగా చదవండి!’ అని మార్చాను. కార్డులు బోలెడు వచ్చాయి, పొంగిపోయాను. తర్వాత బిల్లులు వెళ్లాయి. ‘ఉచితమని చెప్పి డబ్బు అడుగుతారా’ అని ఫోన్లు మొదలయ్యాయి. తా.క. చదివి కార్డు పంపినవాళ్లు మూడు సంచికలు ఊరికే చూసి, నచ్చితే కడదామనుకున్నారు. తప్పు వాళ్లది కాదు, నేను రాసిన వాక్యం అలాగే ఉంది. ఆ చందాల్లో చాలా భాగం రద్దయ్యాయి. ఎక్కువ జవాబులు తెచ్చిన తా.క. మంచి తా.క. అనుకోవడం అప్పటినుంచి మానేశాను.

అందుకని సవరణ ఉత్తరంతో మొదలుపెట్టకు. ముందు ఒక తెల్లకాగితం మీద ఆఫర్‌ను ఒకే వాక్యంలో రాయి. ఏం ఇస్తారు, దానికి వాళ్లేం ఇవ్వాలి, ఎప్పటిలోగా అన్న మూడూ అందులో ఉండాలి. నీ ఉత్తరానికి నేనైతే ఇలా రాస్తాను: “ఏడాది చందాకు పన్నెండు సంచికలతో పాటు మరో మూడు సంచికలు అదనంగా పంపుతాం, ఈ నెలాఖరులోగా చేరితేనే.” ‘నెలాఖరు’ బదులు అసలు తేదీ వేయి. ‘ఉచితం’ అన్న మాట తీసేసి ‘అదనంగా’ అన్నాను, గమనించావా. జోరు కొంచెం తగ్గింది, గందరగోళం పూర్తిగా పోయింది. ఈ వాక్యాన్ని పత్రికవాళ్లకు చూపించి సరేననిపించుకో. విత్తనాలు ఇవ్వడం నిజమే అయితే ఆ సంగతి కూడా ఈ వాక్యంలోకే రావాలి. అందులో ఇమడదంటే ఉత్తరంలోనుంచే పోవాలి. నా ఓటు తీసేయడానికే.

ఇప్పుడు ఆ వాక్యం ఉత్తరంలో ఒకచోట ఉంటుంది, తా.క.లో మరోసారి వస్తుంది. అంతే. ఒకసారి చెప్పడం, ఒకసారి గుర్తుచేయడం. తక్కిన చోట్ల ఉన్నవన్నీ కొట్టేయి. రెండో పేరాలో మొక్కల గురించి బాగా రాశావు, పదిహేను నెలల మాట తీసేసినా ఆ పేరాకు నష్టం లేదు. నాలుగో పేరాలో ‘పావు వంతు’ ఎలాగూ పోవాలి. సంతకం ముందు ‘ఈ ప్రత్యేక తగ్గింపు’ ఉన్నచోట ఏం చేయాలో చెప్పు. అక్కడ మనిషికి కావలసింది ఇంకో ఊరింపు కాదు, చేయాల్సిన పని.

ఆ పని సంగతికి వద్దాం. నువ్వు ఇలా రాశావు: “మా వెబ్‌సైట్‌లో గానీ, ఫోన్ ద్వారా గానీ, ఈమెయిల్ ద్వారా గానీ, జతచేసిన కార్డు ద్వారా గానీ, స్వయంగా మా కార్యాలయానికి వచ్చి గానీ చందాదారులుగా చేరవచ్చు.” ఐదు దారులు చూపిస్తే సౌకర్యమని నువ్వనుకున్నావు. చదివేవాళ్లు మాత్రం ఏది తేలికో తర్వాత చూద్దాం అనుకుని కాగితం బల్ల మీద పెడతారు. ఆ ‘తర్వాత’ రాదు. కవరులో తపాలా ఖర్చు ముందే కట్టిన కార్డు పెట్టాం కదా, దాన్నే అసలు దారి చేయి. ఫోన్ నంబర్ కావాలంటే కార్డు మీద కింద ఒక్క వరుసలో ఉంచు, ఉత్తరంలో వద్దు. ఆ పేరా ఇలా మారుతుంది:

“ఈ కవరులోనే ఒక కార్డు ఉంది. దాని మీద మీ పేరు, చిరునామా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, గడిలో టిక్కు పెట్టి పోస్టులో వేయండి. స్టాంపు అక్కర్లేదు. డబ్బు ఇప్పుడు పంపవద్దు. మొదటి సంచికతో బిల్లు వస్తుంది.”

చివరి వాక్యం తప్పనిసరి. అది లేకపోతే కొందరు కార్డుతో డబ్బు ఎలా పంపాలో తెలియక ఆగిపోతారు, కొందరు నా పాత తా.క. చదివినవాళ్లలా అసలు డబ్బే లేదనుకుంటారు. ఇంకో చిన్న జాగ్రత్త: ‘పచ్చ కార్డు’ అని రంగు పేరు రాయకు. ఆఖరి నిమిషంలో ప్రెస్సులో పచ్చ అట్ట అయిపోతే పసుపు అట్ట మీద వేసేస్తారు, మనకు చెప్పరు. చదివేవాళ్లు పచ్చ కార్డు కోసం కవరు దులుపుతారు.

ఇక తా.క. నేనైతే ఇలా ఉంచుతాను:

“తా.క. ఈ నెలాఖరులోగా చేరితే, ఏడాది చందాకు పన్నెండు సంచికలతో పాటు మరో మూడు సంచికలు అదనంగా పంపుతాం. కవరులోని కార్డులో టిక్కు పెట్టి పోస్టులో వేయండి చాలు, స్టాంపు అక్కర్లేదు.”

రెండే వాక్యాలు. మొదటిది ఆఫర్, రెండోది పని. ఆఫర్ మాటలు ఉత్తరంలో ఉన్నవే, వరస ఒక్కటే మారింది. ఒకే మాట రెండుసార్లు రాస్తే విసుగనిపిస్తుందేమోనని నీ చెయ్యి లాగుతుంది, పర్యాయపదాలు వెతుకుతావు. వెతకకు. కథలో అయితే అది ఒడుపే, ఇక్కడ మాత్రం మాట మారితే ఆఫర్ మారిందనుకుంటారు. ‘త్వరపడండి’ కూడా తీసేశాను, తేదీ ఉన్నాక దాని అవసరం లేదు.

ఆ తేదీ ఉత్తరంలో, తా.క.లో, కార్డులో ఒకటే అయ్యుండాలి. సాధారణంగా తప్పేది కార్డులోనే, ఎందుకంటే అది వేరే ఫైలు, ముందే ప్రెస్సుకు వెళ్లి ఉంటుంది. తేదీ మరీ దగ్గర పెట్టించకు. ఇన్ని కవర్లు ఒకే రోజు అందవు, గడువు దాటాక అందుకున్నవాడికి అది చెత్తకాగితమే. ‘ఆ తేదీలోగా కార్డు పోస్టులో వేస్తే చాలు’ అని పత్రికవాళ్లు ఒప్పుకుంటే ఆ ముక్క కార్డు మీద వేయించు.

కార్డులోనూ ఆఫర్ వాక్యం ఉంటుంది కదా, మరి అది మూడోసారి కాదా అని నువ్వు అడుగుతావు. కాదనే నా లెక్క. చదివాక ఉత్తరం ఒకచోట, కార్డు ఒకచోట పడతాయి. వారం తర్వాత ఫ్రిజ్ మీద కార్డు ఒక్కటే కనబడితే అది దేనికో దాన్ని చూడగానే తెలియాలి. అయితే అక్కడ కూడా అదే వాక్యం, అక్షరం తేడా లేకుండా.

అంతా అయ్యాక తా.క., కార్డు మాత్రమే తీసుకుని ఈ పత్రిక గురించి ఏమీ తెలియని ఎవరికైనా ఇవ్వు. అర నిమిషం ఆగి వెనక్కి తీసుకుని, ఏం వస్తుంది, ఏం చేయాలి, ఎప్పటిలోగా అని అడుగు. ‘ఏదో ఉచితమట’ అన్నారంటే నా పాత తప్పు మళ్లీ ఎక్కడో దూరిందని అర్థం. ‘చేరాలట, ఎలాగో చూడాలి’ అన్నారంటే రెండో వాక్యం సరిగ్గా లేదు. నచ్చిందా అని మాత్రం అడగకు, నచ్చిందనే చెబుతారు.

ప్రూఫు వచ్చినప్పుడు తా.క. సంతకం ఉన్న పేజీలోనే ఉందో లేదో చూడు. రెండు వరుసలు జారి వెనక పేజీకి పోతే సంతకం చూసిన కన్ను దాన్ని అందుకోలేదు. అప్పుడు అక్షరాలు చిన్నవి చేయించకు, నాలుగో పేరాలో కోత పెట్టు.

సవరించిన ప్రతి పంపేటప్పుడు కార్డు కూడా జతచేయి. మొన్న ఉత్తరం ఒక్కటే పంపావు, కార్డులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉంటాను,
మీ అన్నయ్య