అన్నయ్య తప్పుకుంటే గుడ్‌విల్ భారం ఎవరి మీద ఎంత?

ప్రశ్న: చెన్నై పెరంబూరులో మాకు ప్లైవుడ్, హార్డ్‌వేర్ షాపు ఉంది. మా పెదనాన్నగారి అబ్బాయి, నేను, మా బావమరిది 2:2:1 లెక్కన భాగస్తులం. 2025 మార్చి 31తో అన్నయ్య తప్పుకున్నాడు, సెటిల్‌మెంట్ ఇంకా తేలలేదు. ఇకపై నేను, బావమరిది 3:2గా ఉండాలని అనుకున్నాం. గుడ్‌విల్‌లో అన్నయ్య వాటాని మేమిద్దరం 3:2లో భరించాలని అకౌంటెంటు అంటున్నాడు. బావమరిదేమో 2:1 అంటున్నాడు. ఏది సరైనది? అన్నయ్యకి మొత్తం ఎంత ఇవ్వాలి? మా క్యాపిటల్ ఖాతాలు ఎలా సర్దుకోవాలి? బ్యాలెన్స్ షీటు, డీడ్ కాపీ జత చేశాను. ఇంట్లో ఇదే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరు చెప్పిందీ సరికాదండీ. మీ విషయంలో చెరి సగం భరించాలి.

ఇలా చూడండి. ఇంతకాలం షాపుకి వంద రూపాయల లాభం వస్తే మీకు 40, అన్నయ్యకి 40, బావమరిదికి 20. ఇకపై మీకు 60, ఆయనకి 40. అంటే అన్నయ్య వదిలిన 40లో మీకు 20 వచ్చింది, బావమరిదికీ 20 వచ్చింది. అన్నయ్య గుడ్‌విల్ వాటాకి డబ్బు ఇవ్వడమంటే ఆయన వదిలేసిన లాభాన్ని కొనుక్కోవడమే. ఎవరికి ఎంత వచ్చిందో వాళ్ళు అంతే కట్టాలి. దీన్నే గెయినింగ్ రేషియో అంటారు. కొత్త వాటాలోంచి పాత వాటా తీసేస్తే వచ్చేది అదే.

మీ అకౌంటెంటు కొత్త నిష్పత్తినే పట్టుకున్నాడు. బావమరిది చెప్పిన 2:1కి కొంత ఆధారం ఉంది. మిగిలినవాళ్ళు కొత్తగా ఏమీ రాసుకోకపోతే వాళ్ళ మధ్య పాత నిష్పత్తే కొనసాగుతుంది, అప్పుడు గెయినింగ్ రేషియో కూడా 2:1 అవుతుంది. మీరు 3:2 అని రాసుకున్నారు కాబట్టి ఆ లెక్క ఇక్కడ నడవదు. ఆయన వాటా 20 నుంచి 40కి, అంటే రెట్టింపు అయింది. ఆ సంగతి ఆయనకి నెమ్మదిగా చెప్పండి. బావమరిది కదా, లెక్క తప్పాడనుకోండి, బుద్ధి తప్పాడనుకోకండి.

గుడ్‌విల్ దగ్గరికి వెళ్ళేముందు ఆస్తుల విలువ తేల్చాలి. ఇక్కడ నిష్పత్తి వేరు. ఆస్తులు పెరిగినా తరిగినా అది మీరు ముగ్గురూ కలిసున్న కాలంలో జరిగింది, కాబట్టి ఆ తేడా పాత 2:2:1లోనే పంచాలి.

మీ షాపు బిల్డింగు పుస్తకాల్లో 18 లక్షలు ఉంది. మీ వాల్యుయర్ 40 లక్షలు అని రాశాడు, అది తీసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ గైడ్‌లైన్ వాల్యూ పెట్టేద్దామని చెన్నైలో చాలామంది అంటారు. అది స్టాంపు డ్యూటీ కోసం పెట్టిన విలువ, ఇద్దరు మనుషులు బేరమాడితే పలికే ధర కాదు. ఒకటి మాత్రం చూసుకోండి. దస్తావేజులో బిల్డింగు ఫర్మ్ ఆస్తిగా ఉందా, లేక అన్నయ్య సొంత పేరున ఉండి ఫర్మ్ వాడుకుంటోందా? బ్యాలెన్స్ షీటులో ఉంది కాబట్టి ఫర్మ్‌దే అనుకుని ముందుకెళ్తున్నాను.

ఇక తగ్గాల్సినవి. ఇక్కడే గొడవలు మొదలవుతాయి, ఎందుకంటే తప్పుకునేవాళ్ళకి బిల్డింగు గుర్తుంటుంది, గోడౌన్ గుర్తుండదు. మీ స్టాకు 42 లక్షలు అని రాశారు. అందులో కంపెనీ ఆపేసిన డిజైన్ల లామినేట్ షీట్లు, వానాకాలంలో చెమ్మ పట్టి అంచులు ఉబ్బిన ప్లైవుడ్ కలిపి 4 లక్షల సరుకు అమ్ముడుపోదని మీరే రాశారు. అది తీసేస్తే 38. ఇంటీరియర్ కాంట్రాక్టర్ల దగ్గర రావాల్సిన 25 లక్షల్లో 3 లక్షలు రెండేళ్ళుగా కదలలేదు, దాన్నీ తగ్గించండి. వ్యాను, ఫర్నిచర్ కలిపి 6 లక్షలున్నది 5 అవుతుంది. మీకు పదిమందికి పైగా పనివాళ్ళున్నారు. వాళ్ళలో పాతవాళ్ళకి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ ఇప్పటిదాకా పుస్తకాల్లో ఎక్కనే లేదు, మీ లెక్క ప్రకారం అది 4 లక్షలు. అన్నయ్య ఉన్నప్పుడు చేసిన పనికి పుట్టిన బాకీ కాబట్టి అందులో ఆయన భాగమూ ఉంది.

పెరిగింది 22 లక్షలు, తగ్గింది 12. రీవాల్యుయేషన్ ఖాతాలో మిగిలిన లాభం 10 లక్షలు. అన్నయ్యకి 4, మీకు 4, బావమరిదికి 2. బిల్డింగు ఒక్కటే చూసుంటే అన్నయ్య వాటా 8.80 లక్షలు అయ్యేది. అందుకే గోడౌన్‌లోకి ముగ్గురూ కలిసి వెళ్ళి లెక్కపెట్టి, ఆ లిస్టు మీద ముగ్గురూ సంతకం పెట్టండి.

బ్యాలెన్స్ షీటులో 10 లక్షల జనరల్ రిజర్వు పడి ఉంది. దాన్ని అందరూ మర్చిపోతారు. అది పంచకుండా దాచిన పాత లాభమే, కాబట్టి అదీ 4, 4, 2గా క్యాపిటల్ ఖాతాల్లోకి పోవాలి.

ఇప్పుడు గుడ్‌విల్. మీ డీడ్‌లో "మూడేళ్ళ సగటు లాభానికి రెండు రెట్లు" అని స్పష్టంగా ఉంది, అది మీ అదృష్టం. అది లేకపోతే రెండు రెట్లా, మూడు రెట్లా అన్న ఒక్క మాట దగ్గరే నెలలు గడిచిపోతాయి. మీ లాభాలు 2022-23లో 13 లక్షలు, తర్వాతి ఏడు 20, ఆ తర్వాత 15. ఆ 20లో పాత కటింగ్ మెషీన్ అమ్మితే వచ్చిన 3 లక్షలు కలిసున్నాయి. అది ప్రతి ఏడూ వచ్చేది కాదు కాబట్టి తీసేసి 17గా చూడాలి. అప్పుడు సగటు 15, గుడ్‌విల్ 30 లక్షలు. భాగస్తుల జీతాలు తీసేశాకే ఈ లాభాలు చూపించారు కాబట్టి వాటిని ఇంకా తగ్గించక్కర్లేదు. జీతాలు తీసుకోకుండా ముగ్గురూ పొద్దున్నుంచి రాత్రిదాకా కౌంటర్లో కూర్చున్న షాపు అయితే, ఆ కష్టం కూడా గుడ్‌విల్‌గా కనిపించి విలువ ఉబ్బుతుంది.

30 లక్షల్లో అన్నయ్య 40 శాతం, అంటే 12 లక్షలు. మీరు 6, బావమరిది 6. అకౌంటెంటు లెక్కలో మీ మీద 7.20 లక్షలు పడేది, బావమరిది లెక్కలో 8 లక్షలు. ఇది పుస్తకాల్లో రాసేటప్పుడు గుడ్‌విల్ అని ఆస్తుల వైపు 30 లక్షలు ఎక్కించకండి. సొంతంగా పెరిగిన గుడ్‌విల్‌ని ఆస్తిగా చూపించడం అకౌంటింగ్ స్టాండర్డ్ 26కి ఒప్పదు. మీ ఇద్దరి క్యాపిటల్ ఖాతాల్లో చెరో 6 డెబిట్, అన్నయ్య ఖాతాలో 12 క్రెడిట్, అంతే.

దాంతో ఖాతాలు ఇలా నిలుస్తాయి. అన్నయ్య పాత క్యాపిటల్ 28 లక్షలు, రిజర్వు 4, రీవాల్యుయేషన్ 4, గుడ్‌విల్ 12 కలిపి 48 లక్షలు. మీది 24కి 4, 4 కలిపి 6 తీసేస్తే 26. బావమరిదిది 14కి 2, 2 కలిపి 6 తీసేస్తే 12. మీ ఇద్దరివీ కలిపి 38.

క్యాపిటల్ కూడా 3:2లోనే ఉండాలనుకుంటే, ఆ 38ని పంచి మీది 22.80, ఆయనది 15.20 చేయాలి. పుస్తకాల్లో ఉండే ఉదాహరణలు ఇక్కడే ఆగిపోతాయి: మీరు 3.20 లక్షలు తీసుకోండి, ఆయన 3.20 తెచ్చి పెట్టాలి అని. మీ బ్యాంకులో ఉన్నది 9 లక్షలు, అన్నయ్యకి ఇవ్వాల్సింది 48. ఇలాంటప్పుడు మీరు డబ్బు బయటికి తీయడం అన్న మాటే ఉండకూడదు. ముందు అన్నయ్యకి ఇప్పుడు ఎంత ఇస్తారో తేల్చుకోండి, క్యాపిటల్ దాన్ని బట్టి వస్తుంది.

20 లక్షలు ఇప్పుడే ఇచ్చి, 28 లక్షలు అన్నయ్య పేరున లోన్ ఖాతాలో ఉంచుదామనుకోండి. రోజువారీ కొనుగోళ్ళకి బ్యాంకులో 4 లక్షలైనా ఉండాలి. అంటే 9లోంచి 5 వాడొచ్చు, ఇంకో 15 బయటి నుంచి రావాలి. 38కి ఆ 15 కలిపితే మీ ఇద్దరి క్యాపిటల్ 53 లక్షలు. 3:2లో మీది 31.80, ఆయనది 21.20. కాబట్టి మీరు 5.80, ఆయన 9.20 లక్షలు తేవాలి. సరిపోయిందో లేదో చూసుకోవడానికి కొత్త బ్యాలెన్స్ షీటు వేసి చూడండి. పుస్తకాల్లో ముందునుంచీ ఉన్న 24 లక్షల బాకీలు కూడా అప్పుల వైపు కలిపితే రెండు వైపులా 109 లక్షలు రావాలి. రాకపోతే ఎక్కువగా గ్రాట్యుటీ బాకీనే మర్చిపోయి ఉంటారు. 9.20 లక్షలు బావమరిది ఒక్కసారి తేలేనంటే ఆయన వంతు తక్కువ క్యాపిటల్‌తోనే నడపండి, తేడాకి మీకు వడ్డీ వచ్చేలా డీడ్‌లో రాసుకోండి. లాభాల నిష్పత్తి, క్యాపిటల్ నిష్పత్తి ఒకటే కావాలని చట్టమేమీ పట్టుబట్టదు.

అన్నయ్య 28 లక్షలకి వాయిదాలు, వడ్డీ కాగితం మీద ఉండాలి. ఏమీ రాసుకోకుండా ఆయన డబ్బుతో వ్యాపారం నడిపిస్తే 1932 భాగస్వామ్య చట్టం 37వ సెక్షన్ ఆయనకి ఒక ఎంపిక ఇస్తుంది. బాకీ మీద ఏడాదికి 6 శాతం వడ్డీ అడగొచ్చు, లేదా ఆయన సొమ్ము వాడుకోవడం వల్ల వచ్చిన లాభంలో వాటా అడగొచ్చు. వ్యాపారం బాగున్న ఏడు ఆయన ఏది అడుగుతాడో ఊహించండి.

పన్ను గురించి మీరు అడగలేదు కానీ, నాకు దాని మీదే భయం ఎక్కువ. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 45(4) సెక్షన్‌ని 2021లో మార్చాక, తప్పుకునే భాగస్తుడికి ఆయన క్యాపిటల్‌కి మించి ఇచ్చినదాని మీద ఫర్మ్ పన్ను కట్టాల్సి వస్తుంది. ఆ క్యాపిటల్ లెక్కించేటప్పుడు రీవాల్యుయేషన్, సొంత గుడ్‌విల్ వల్ల పెరిగింది కలపనివ్వరు. మీ కేసులో క్యాపిటల్ 28, రిజర్వు 4 కలిపి 32. ఇచ్చేది 48. తేడా 16 లక్షలు పన్ను లెక్కలోకి వస్తుంది. అది బిల్డింగుకి ఎంత, గుడ్‌విల్‌కి ఎంత అని విడగొట్టడాన్ని బట్టి రేటు మారుతుంది కాబట్టి సీఏతో ముందే లెక్క వేయించండి. కట్టేది ఫర్మ్, అంటే మీరిద్దరూ. అన్నయ్య 48 లక్షలు పట్టుకెళ్ళాక "ఇందులో నీ భాగం ఉంది" అంటే ఆయనకి కోపం రాక మానదు. రిటైర్‌మెంట్ డీడ్‌లోనే ఎవరు భరిస్తారో ఒక వాక్యం పెట్టించండి.

ఆ డీడ్ కాగానే పత్రికా ప్రకటన, గెజిట్ ప్రకటన, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి నోటీసు పని మీ లాయర్‌కి అప్పగించండి. అవి వచ్చేదాకా బయటివాళ్ళ దృష్టిలో అన్నయ్య ఇంకా భాగస్తుడే. సప్లయర్‌కి మీరు పెట్టే కొత్త బాకీకి ఆయనా పూచీ అవుతాడు, ఆయన మీ తరఫున ఒప్పుకున్న బాకీకి మీరూ పూచీ అవుతారు.